కరెంటు లేని పదో తారీఖు

పదో తారీఖు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా మీ ఫీడర్ మీద కరెంటు ఉండదని పేపర్లో జిల్లా పేజీ మూల రెండు లైన్ల వార్త పడిందనుకోండి. చెట్ల కొమ్మలు కొట్టాలనో, పాత వైర్లు మార్చాలనో లైన్‌మన్లు ఎల్సీ తీసుకుంటారు. చాలా ఇళ్లలో ఆ వార్త చదివి మోటారు వేసి ట్యాంకు నింపుకుంటారు, పచ్చడి రుబ్బేసుకుంటారు, అంతటితో సరి. ఇంట్లో కూర్చుని వేరే ఊరి ఆఫీసుకి పనిచేసేవాళ్లకి మాత్రం అంతటితో సరిపోదు. ముఖ్యంగా అకౌంట్స్ పని చేసేవాళ్లకి. నెలనెలా రిటర్న్ వేసే వ్యాపారులు తమ అమ్మకాల లెక్క, అంటే జీఎస్టీఆర్-1, పంపడానికి ఆఖరి రోజు పదకొండు. పదో తారీఖున ఏడు గంటలు పోవడమంటే నెలలో మిగతా ఏ రోజైనా పోవడం లాంటిది కాదు.

భీమవరంలో ఉంటూ హైదరాబాద్‌లోని ఒక చిన్న అకౌంటింగ్ ఆఫీసుకి పనిచేసే ఒకామెను ఊహించుకుందాం. రొయ్యల చెరువులకి ఏరియేటర్లు అమ్మే డీలరు, రెండు హార్డ్‌వేర్ షాపులు, ఒక ప్రింటింగ్ ప్రెస్సు ఆమె చేతిలో ఉన్న ఖాతాలు. ట్యాలీ డేటా అంతా హైదరాబాద్ ఆఫీసు కంప్యూటర్‌లో ఉంటుంది. ఆమె ఇక్కడి నుంచి వీపీఎన్ పెట్టుకుని, రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ కంప్యూటర్ తెరిచి పనిచేస్తుంది. అంటే ఆమె ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్ నిజానికి ఒక కిటికీ. నెట్ పోతే ఆ కిటికీ మూసుకుంటుంది, బ్యాటరీ ఎంత నిండుగా ఉన్నా సరే.

ఇంటి నుంచి పనిచేసే వాళ్లలో ఎక్కువమంది కరెంటు కోతకి చేసుకునే ఏర్పాటు ఒకటే: ఇన్వర్టర్ కొనడం. అది కావలసిందే. కానీ ఇన్వర్టర్ ఉండి కూడా రోజంతా చేతులు ముడుచుకుని కూర్చున్నవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఎందుకంటే కరెంటు, నెట్ రెండూ వేర్వేరు గొలుసులు, వాటి మీద వేలాడే పని మూడోది. ఏది ఎక్కడ తెగిందో ముందు తెలియాలి.

కొన్నిసార్లు ఇన్వర్టర్ ఆడుతుంది, ఫ్యాను తిరుగుతుంది, రౌటర్ లైట్లు వెలుగుతాయి, అయినా నెట్ రాదు. ఇంటికి వచ్చే ఫైబర్ తీగలో కరెంటు పారదు, వెలుగు పారుతుంది. అవతల ఆపరేటర్ దగ్గర ఉన్న యంత్రానికి జనరేటరో బ్యాటరీలో ఉంటే, మధ్యలో ఎక్కడా కరెంటు అవసరం లేకుండా మీ ఇంటిదాకా నెట్ రావాలి. సిద్ధాంతం అది. చాలా ఊళ్లలో కేబుల్ ఆపరేటర్లు వీధి చివర స్తంభానికి ఒక పెట్టె కట్టి, అందులో చిన్న స్విచ్ పెట్టి, అక్కడి నుంచి ఇళ్లకి లైన్లు పంచుతారు. ఆ పెట్టెకి కరెంటు పక్కనున్న ఏ షాపు మీటరు నుంచో వస్తుంది. వీధిలో కరెంటు పోతే ఆ పెట్టె ఆగుతుంది. మీ ఇన్వర్టర్ దాన్ని కాపాడలేదు. మీ లైన్ ఏ రకమో తెలుసుకోవడానికి ఆపరేటర్ని ఒక్క ప్రశ్న అడగండి: "మా వీధిలో కరెంటు పోతే మా నెట్ ఎంతసేపు ఉంటుందండీ?" కొందరు నిజాయితీగా "గంట ఉంటుంది మేడమ్, బ్యాటరీ పెట్టాం" అంటారు. "పోదండీ" అని ఠక్కున చెప్పినాయన మాట మాత్రం ఒక కోత రోజున స్వయంగా చూసుకోవాలి.

తెగింది ఎక్కడో రౌటర్ లైట్లే చాలావరకు చెబుతాయి. ఫైబర్ వచ్చే డబ్బా మీద `LOS` అని రాసిన దగ్గర ఎర్రలైటు మిణుకుమంటుంటే వెలుగు మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం: తీగ తెగింది, లేదా అవతలి యంత్రం ఆగింది. కోతులు, ఉడతలు, ఇసుక లారీలు, ఎవరి వాటా వాళ్లది. `PON` లైటు పచ్చగా నిలకడగా ఉండి నెట్ మాత్రం లేకపోతే తీగ బాగానే ఉంది, తేడా ఆపరేటర్ దగ్గరో ఆపైనో. ఇంకా తేల్చుకోవాలంటే ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టండి.

```
ping 192.168.1.1
ping 8.8.8.8
```

మొదటిది మీ రౌటర్‌నే పలకరిస్తుంది (కొన్ని రౌటర్లకి ఈ అంకె వేరుగా ఉంటుంది, డబ్బా కింద స్టిక్కర్ మీద చూడొచ్చు). రెండోది ఊరు దాటి బయటికి వెళ్లి వస్తుంది. మొదటిది పలికి రెండోది పలకకపోతే ఇంట్లో ఏమీ చేసేది లేదు, రౌటర్‌ని పదిసార్లు ఆపి పెట్టడం వృథా ప్రయాస. రెండూ పలికినా ఆఫీసు పని తెరుచుకోకపోతే తేడా వీపీఎన్‌లోనో ఆఫీసు కంప్యూటర్‌లోనో ఉంది, అప్పుడు ఫోన్ చేయాల్సింది ఆపరేటర్‌కి కాదు, ఆఫీసుకి. ఈ రెండు నిమిషాల పరీక్షకి విలువ ఎక్కడంటే, అరగంట ఎదురుచూడాలా, వెంటనే ఆఫ్‌లైన్ పనిలోకి దిగాలా అన్నది ఇక్కడే తేలిపోతుంది. ఎర్రలైటు అయితే తీగ అతికించడానికి మనిషి రావాలి, అంటే కనీసం కొన్ని గంటలు. ఎదురుచూడకండి.

ఇక బ్యాటరీ లెక్క. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. కాగితం మీద 12 ని 150 తో హెచ్చిస్తే 1800 వాట్ అవర్లు. ఇన్వర్టర్ మార్పిడిలో కొంత పోతుంది, రెండు మూడేళ్లు వాడిన బ్యాటరీలో కొంత తగ్గుతుంది, పూర్తిగా ఖాళీ చేస్తే దాని ఆయుష్షు పోతుంది. అందుకని సగం, 900 అనుకుని లెక్క వేసుకోవడం మంచిది. ల్యాప్‌టాప్ 50 వాట్లు, రౌటర్ 10, మామూలు సీలింగ్ ఫ్యాను 75, బల్బు 10. మొత్తం 145. అంటే ఆరు గంటల చిల్లర. ఏడు గంటల కోతకి దాదాపు సరిపోయింది అనిపిస్తుంది. కానీ ఇంట్లో ఆమె ఒక్కతే ఉండదు కదా. హాల్లో అత్తగారికి ఒక ఫ్యాను, పిల్లాడికి ఇంకో ఫ్యాను, మధ్యాహ్నం సీరియల్ టైముకి ఒక టీవీ. ఇంకో 230 వాట్లు కలిశాయి. 900 ని 375 తో భాగిస్తే రెండున్నర గంటలు కూడా రావు. పైగా లోడు పెరిగేకొద్దీ ఈ రకం బ్యాటరీ ఇచ్చే మొత్తం కూడా తగ్గుతుంది.

దీనికి పెద్ద బ్యాటరీ కొనడం ఒక దారి. ఇంకా చవకైనది, పని గదిలో ఫ్యాను మార్చడం. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది, దాంతో పని గది లోడు నూరుకి దిగి తొమ్మిది గంటలు వస్తుంది. మిగతాది ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయం, ఎలక్ట్రికల్ షాపులో తేలేది కాదు. బ్యాటరీ నిజంగా ఎంతసేపు ఇస్తుందో తెలియాలంటే ఒక ఆదివారం మెయిన్ ఆపేసి, పని రోజున ఉండే లోడే పెట్టి, ఇన్వర్టర్ కుయ్యిమనేదాకా చూసి ఆ టైము గోడమీద క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవాలి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూసినప్పుడు గంట తగ్గిందంటే, డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడమని అర్థం, అప్పటికీ మారకపోతే బ్యాటరీ ముసలిదైందని అర్థం.

రౌటర్‌కి ఇంకో చిన్న చిక్కు ఉంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కన్నుమూసి తెరిచేంత సేపట్లో కొన్ని రౌటర్లు ఆగి మళ్లీ మొదలవుతాయి. అది లేచి, లైను అందుకుని, వీపీఎన్ మళ్లీ కలిసేసరికి ఐదు నిమిషాలు. రోజులో ఆరుసార్లు ఇలా పోయివచ్చే ఎండాకాలంలో అరగంట గాల్లో కలిసినట్టే. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ అనే మీట ఉంటే అటు తిప్పాలి, అందులో మారే వేగం ఎక్కువ. లేదంటే రౌటర్‌కి విడిగా చిన్న యూపీఎస్ దొరుకుతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకోవాలి, 12 వోల్టుల రౌటర్‌కి 12 వోల్టులదే పెట్టాలి. డబ్బా మీద 8800 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది లోపలి సెల్లుల లెక్క. ఆ సెల్లు 3.7 వోల్టులది కాబట్టి చేతికొచ్చేది 32 వాట్ అవర్లు, నష్టాలు తీస్తే పాతిక. పది వాట్ల రౌటర్‌కి రెండున్నర గంటలు. రోజంతా వస్తుందని షాపతను చెబితే నవ్వి ఊరుకోండి.

ఫైబర్ పోయాక అందరూ పట్టుకునేది ఫోన్ హాట్‌స్పాట్‌నే. ఆ "అందరూ" అన్న దగ్గరే ఇబ్బంది. ఫీడర్ మొత్తం ఆగినప్పుడు ఆ వీధుల్లో ఉన్న ఇళ్లన్నీ ఒకే టవర్ మీద పడతాయి. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే పేజీ తెరుచుకోదు. టవర్‌కి బ్యాటరీలు, చాలాచోట్ల డీజిల్ జనరేటరు ఉంటాయి, కానీ కోత సాగేకొద్దీ అవీ తగ్గుతాయి. అందుకే రెండో సిమ్ వేరే కంపెనీది ఉండాలి, ఇంటి ఫైబర్ ఏ కంపెనీదో దానిది కాకుండా ఉంటే ఇంకా మేలు. ఆ రెండో సిమ్‌లో రీచార్జ్ బతికే ఉందో లేదో కోత రోజున చూసుకోవడం ఆలస్యం.

రోజుకి రెండు జీబీ ఇచ్చే ప్లాన్‌లో అది అయిపోయాక వేగం సాధారణంగా 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ అంకె ఎంత చిన్నదంటే, సెకనుకి ఎనిమిది కిలోబైట్లు. ఐదు ఎంబీల పీడీఎఫ్ ఒకటి దిగడానికి పది నిమిషాల పైన. వీడియో కాల్ అసాధ్యం. మాటలతో ఉన్న మెయిల్ మాత్రం వెళ్తుంది. ఆ రెండు జీబీలు మీరు తినకుండానే అయిపోవడానికి కారణం ల్యాప్‌టాప్. హాట్‌స్పాట్‌ని అది ఇంకో వైఫై అనుకుని, ఇదే అదనుగా విండోస్ అప్‌డేట్లు, వన్‌డ్రైవ్‌లో పేరుకున్న ఫోటోలు అన్నీ లాగడం మొదలుపెడుతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి `Metered connection` ఆన్ చేస్తే చాలావరకు ఆగుతుంది. ఒక్కసారి చేస్తే ఆ హాట్‌స్పాట్‌కి అలాగే గుర్తుంటుంది. మీటింగ్ తప్పనిసరైతే కెమెరా ఆపి మాట మాత్రమే, ఇంకా వీలైతే మామూలు ఫోన్ కాల్‌తో కలవడం. పాత పద్ధతే గానీ నమ్మదగ్గది.

ఇంతా చేసి, కరెంటు, నెట్ రెండూ పోయిన మధ్యాహ్నం ఒకటి వస్తుంది. అప్పుడు చేతిలో ఏ పని ఉంటుందన్నదే అసలు ప్రశ్న. "ఆఫ్‌లైన్ పని" అనగానే చాలామంది చేసేది పాత ఫైళ్లు సర్దడం, డెస్క్‌టాప్ శుభ్రం చేయడం. అది పని కాదు, కాలక్షేపం. పదకొండో తారీఖు గడువుకి దగ్గర చేసేదే పని. అలాంటి పనికి సరుకు నెట్ ఉన్నప్పుడే దిగి ఉండాలి.

మన భీమవరం ఆమె పనిని విడదీసి చూద్దాం. ట్యాలీలో బిల్లులు ఎక్కించడం ఆఫీసు కంప్యూటర్ మీదే జరగాలి, దానికి నెట్ తప్పదు. రిటర్న్ పోర్టల్‌లో దాఖలు చేయడం, క్లయింట్ ఫోనుకొచ్చే ఓటీపీతో సంతకం చేయడం, వీటికీ తప్పదు. కానీ ఈ రెండింటి మధ్య ఉన్న పని, అసలు బుర్ర పెట్టాల్సిన పని, దేనికీ నెట్ అక్కర్లేదు. ఏ బిల్లు తప్పుగా ఎక్కింది, ఎవరి జీఎస్టీ నంబరులో అక్షరం మారింది, పక్క రాష్ట్రం అమ్మకానికి ఏ పన్ను వేశారు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉన్న ఈ మొత్తం ఎవరిది? ఇవన్నీ ఎక్సెల్ పేజీలు ఎదురుగా ఉంటే చాలు.

కాబట్టి తొమ్మిదో తారీఖు సాయంత్రం ఆమె చేయాల్సింది సంచి నింపుకోవడం. ట్యాలీలో నలుగురు క్లయింట్ల అమ్మకాల రిజిస్టర్, కొనుగోళ్ల రిజిస్టర్ తెరిచి `Alt+E` నొక్కి ఎక్సెల్‌గా దింపుకుంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు, క్లయింట్లు వాట్సాప్‌లో పంపిన బిల్లుల ఫోటోలు ఒక ఫోల్డర్‌లోకి. జీఎస్టీ పోర్టల్ ఉచితంగా ఇచ్చే `Returns Offline Tool` ల్యాప్‌టాప్‌లో ముందే ఉండాలి. అది బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది గనుక నెట్ కావాలేమో అనిపిస్తుంది, అక్కర్లేదు, మన ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. అందులో బిల్లుల వివరాలు ఎక్కిస్తే జేసన్ అనే ఫైలు తయారవుతుంది. తర్వాత పోర్టల్‌కి ఎక్కించాల్సింది ఆ ఫైలొక్కటే.

ఒక మాట ముందే అడిగి ఉంచుకోవాలి. క్లయింట్ల లెక్కలు సొంత ల్యాప్‌టాప్‌లోకి దింపుకోవడానికి ఆఫీసు ఒప్పుకుంటుందా? కొన్ని ఆఫీసులు ఒప్పుకోవు, వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. ఒప్పుకుంటే ఏ ఫోల్డర్‌లో, ఎన్నాళ్లు, డిస్కుకి తాళం ఉండాలా అన్నది మెయిల్‌లో రాయించుకోవడం ఇద్దరికీ క్షేమం. ఒప్పుకోకపోతే ఆమె సంచిలో పట్టేది తక్కువ, అది ఆఫీసుకి ముందే తెలిసి ఉండాలి.

సంచి నిండిందని అనుకోవడం, నిజంగా నిండడం ఒకటి కాదు. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఫైలు పేరు కనిపిస్తుంది, పక్కన నీలి మబ్బు గుర్తు ఉంటుంది. అంటే ఆ ఫైలు ఇంకా మబ్బుల్లోనే ఉంది, పేరు మాత్రం ఇక్కడ ఉంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి `Always keep on this device` నొక్కితే ఆకుపచ్చ గుండ్రంలో టిక్కు వస్తుంది, అప్పుడు దిగినట్టు. గూగుల్ షీట్లు వాడేవాళ్లు ఫైలు మెనూలో `Make available offline` నొక్కి ఉండాలి, అదీ అదే బ్రౌజర్‌లో, అదే అకౌంట్‌లో. వీటన్నిటికీ ఒకే పరీక్ష: ల్యాప్‌టాప్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, రేపు కావాల్సిన ప్రతి ఫైలూ తెరిచి, ఒక గడిలో ఏదో టైపు చేసి సేవ్ చేసి చూడటం. పది నిమిషాల పని. తెరుచుకోని ఫైలు ఇప్పుడు దొరికితే దింపుకోవచ్చు. ఆ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే కొందరికి ఇంకో సంగతి బయటపడుతుంది: క్లయింట్ల ఫోన్ నంబర్లు, ఆపరేటర్ నంబరు, పాస్‌వర్డ్‌లు అన్నీ నెట్‌లోనే ఉన్నాయని. నంబర్లు ఒక కాగితం మీద ఉంటే చాలు. కరెంటు ఫిర్యాదుకి 1912 గుర్తుంటే చాలు.

ఇక పదో తారీఖు. ఉదయం ఎనిమిదిన్నరకి, కరెంటు ఉండగానే, ఆమె ఆఫీసుకి ఒక మెసేజ్ పెడుతుంది. "సార్, ఈరోజు తొమ్మిది నుంచి నాలుగు దాకా మా ఏరియాలో కరెంటు లేదు. పదకొండు దాకా నెట్ ఉండొచ్చు. తర్వాత నాలుగు ఖాతాల జీఎస్టీఆర్-1 చెకింగ్ ఆఫ్‌లైన్‌లో చేస్తాను. ఒంటిగంటకి, నాలుగింటికి ఫోన్ చేస్తాను. అర్జెంటైతే నాకు మామూలు కాల్ చేయండి, వాట్సాప్ చూడలేకపోవచ్చు. రాత్రి ఏడింటికల్లా నెట్ రాకపోతే జేసన్ ఫైళ్లు పంపుతాను, అక్కడి నుంచి ఎవరైనా అప్‌లోడ్ చేయాల్సి వస్తుంది." ఇందులో "నెట్ ప్రాబ్లమ్ సార్" అన్న మాట లేదు. ఏ టైముకి ఏం తేలుతుందో ఉంది. రాత్రి ఏడు అన్న గీత ముఖ్యం. ఆ గీత లేకపోతే ఇంకో అరగంట చూద్దాం, ఇంకో అరగంట చూద్దాం అని పదకొండో తారీఖు వచ్చేస్తుంది.

తొమ్మిదికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది. వీధి పెట్టె బ్యాటరీ ఉన్నంతసేపు ఫైబర్ ఉంటుంది. ఆ సమయాన్ని ఆమె నెట్ ఉంటేనే అయ్యే పనికి వాడుతుంది: నిన్న రాత్రి వచ్చిన బిల్లులు ట్యాలీలో ఎక్కించడం, మళ్లీ తాజా రిజిస్టర్ దింపుకోవడం. పదిన్నరకి ఎర్రలైటు. ఆమె రౌటర్ తీసేసి ఇన్వర్టర్‌కి పది వాట్లు మిగుల్చుతుంది. వీపీఎన్ ఆపేస్తుంది, లేకపోతే అది కలవడానికి ప్రయత్నిస్తూ ల్యాప్‌టాప్‌ని నెమ్మది చేస్తుంది.

ఏరియేటర్ల డీలరు రిజిస్టర్‌తో మొదలుపెట్టింది. జీఎస్టీ నంబరుకి పదిహేను అక్షరాలు, మొదటి రెండూ రాష్ట్రం కోడ్: ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. నంబర్లు ఉన్న గడుల పక్కన ఈ రెండు ఫార్ములాలు వేసి కిందికి లాగుతుంది.

```
=LEN(B2)
=LEFT(B2,2)
```

మొదటి నిలువు వరుసలో 15 కానిది ఏది కనిపించినా అక్కడ అక్షరం పోయింది, లేదా చివర ఖాళీ ఒకటి అంటుకుంది. రెండో వరుసని పన్ను వరుసతో పోలుస్తుంది. డీలరు భీమవరంలో ఉన్నాడు కాబట్టి 37 వాళ్లకి అమ్మితే మామూలుగా సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ పడాలి. 36 వాళ్లకి పంపితే ఐజీఎస్టీ. హైదరాబాద్ కొనుగోలుదారు ఒకరికి రెండు బిల్లుల్లో సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ పడి ఉంది. తప్పా, సరుకు భీమవరంలోనే దింపారా? అది కాగితం చూసి చెప్పే విషయం కాదు. డీలరుకి మామూలు ఫోన్ చేసి అడుగుతుంది. చెరువుల మీద తిరిగే మనిషి, వాట్సాప్ కంటే ఫోనే త్వరగా ఎత్తుతాడు. అంతకంటే మంచి సమయం దొరకదు: ఆయనకీ కరెంటు లేదు.

కొన్నిటిని ఆఫ్‌లైన్‌లో తేల్చలేం. ఒక నంబరు పదిహేను అక్షరాలూ సరిగ్గా ఉండి, ఆ వ్యాపారి రిజిస్ట్రేషన్ రద్దయి ఉండొచ్చు. అది పోర్టల్‌లో వెతికితేనే తెలుస్తుంది. అలాంటివన్నీ రిజిస్టర్‌లో పసుపు రంగు పూసి, "నెట్ వచ్చాక" అని విడిగా ఒక కాగితం మీద రాసుకుంటుంది. ఎవరి ఖాతా, ఏ బిల్లు, ఏం చూడాలి. ఈ కాగితం లేకపోతే నెట్ వచ్చిన వెంటనే మెయిళ్ల వరదలో పడి పసుపు గడులు అలాగే ఉండిపోతాయి.

ఒంటిగంటకి ఒప్పుకున్న ఫోన్. రెండు ఖాతాలు అయ్యాయి, మూడోదాంట్లో బిల్లు నంబరు ఒకటి దాటిపోయింది, ప్రెస్సు వాళ్లని అడగాలి. మధ్యాహ్నం రెండు గంటల వేళ ఇన్వర్టర్ కుయ్యిమంటుంది. హాల్లో టీవీ నడిచిందని అర్థం. ల్యాప్‌టాప్ సొంత బ్యాటరీకి మారి, వెలుతురు తగ్గించి కిటికీ పక్కకి చేరితే ఇంకో రెండు మూడు గంటలు వస్తాయి. అందుకే పొద్దుటి నుంచి ల్యాప్‌టాప్‌ని ఇన్వర్టర్ మీదే ఉంచి దాని బ్యాటరీ నిండుగా దాచుకోవాలి, ముందే వాడేసుకోకూడదు. సరిచేసిన వివరాలు ఆఫ్‌లైన్ టూల్‌లో ఎక్కించి జేసన్ ఫైళ్లు తయారు చేస్తుంది. మూడు వచ్చాయి, నాలుగోది ప్రెస్సు జవాబు కోసం ఆగింది.

నాలుగు అన్న కరెంటు ఐదుంబావుకి వచ్చింది, ఫైబర్ ఇంకా రాలేదు. లైన్ పని టైముకి అవుతుందని నమ్మి ఎవరూ గడువు పెట్టుకోరు, రాత్రి ఏడు అని ఆమె పెట్టింది అందుకే. ఇప్పుడు హాట్‌స్పాట్. పొద్దుటి నుంచి దాన్ని ముట్టుకోలేదు గనుక రెండు జీబీలూ ఉన్నాయి, పైగా వీధిలో వాళ్లంతా తమ పనుల్లో పడ్డారు, టవర్ మీద రద్దీ తగ్గింది. కొన్ని వందల బిల్లుల జేసన్ ఫైలు కొన్ని వందల కిలోబైట్లకి మించదు. ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్న ట్యాలీని హాట్‌స్పాట్ మీద రిమోట్‌లో నడపడం నరకం, కానీ ఈ చిన్న ఫైలు ఎక్కించడం ఏ మాత్రం కష్టం కాదు. పోర్టల్ ఫైలు తీసుకుని సరిచూడటానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, తప్పులుంటే చెబుతుంది. ఆ కొన్ని నిమిషాల్లో పసుపు గడుల కాగితం తీసి నంబర్లు వెతుకుతుంది.

నెట్ వచ్చాక మొదట ఏం చేయాలన్న దగ్గర తడబడేవాళ్లు ఎక్కువ. ల్యాప్‌టాప్ తెరవగానే సింక్ మొదలవుతుంది. మీరు ఆఫ్‌లైన్‌లో మార్చిన ఎక్సెల్ ఫైలునే ఈలోగా ఆఫీసులో ఇంకొకరు మార్చి ఉంటే రెండు కాపీలు పడతాయి, పేరు చివర మీ కంప్యూటర్ పేరు అంటుకుని. ఏది అసలుదో తెలియక పాతదాన్ని పంపేసే ప్రమాదం ఇక్కడే. దీనికి విరుగుడు పొద్దుటే చేయాలి: దింపుకున్న ఫైలు పేరులోనే తారీఖు, "ఆఫ్‌లైన్" అన్న మాట చేర్చి, ఉమ్మడి ఫోల్డర్‌లో కాకుండా విడిగా పెట్టుకుని, సాయంత్రం మార్పులు మాత్రమే అసలు ఫైలులోకి చేర్చాలి. ఇంకొకటి, ఆమె ఎక్సెల్‌లో సరిచేసింది గానీ ట్యాలీలో ఆ తప్పు బిల్లులు తప్పుగానే ఉన్నాయి. ట్యాలీలో దిద్దకుండా రిటర్న్ వేసేస్తే, పుస్తకాల్లో ఒక లెక్క, పోర్టల్‌లో ఒక లెక్క. ఇరవయ్యో తారీఖున జీఎస్టీఆర్-3బీ వేసేటప్పుడు ఆ తేడా ఎక్కడిదో వెతకడానికి ఇంకో రోజు పోతుంది. అందుకే ట్యాలీ దిద్దుబాట్లు కూడా ఆ కాగితం మీదే ఉండాలి, వరస నంబర్లతో, చేసినవాటికి గీత పెట్టుకుంటూ.

ఇదంతా ఒక్క రోజు కోతకి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు స్తంభాలు, టవర్లు కలిసే కూలాయి, కొన్ని వాడలకి కరెంటు, ఫోను రావడానికి రోజులు పట్టింది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం నీళ్లలో ఉన్నప్పుడు కింది అంతస్తు ఇన్వర్టర్లు ఎవరికి పనికొచ్చాయి? అలాంటప్పుడు ఆఫ్‌లైన్ సంచి ఒకరోజు నడుపుతుంది, రెండోరోజుకి సరుకు అయిపోతుంది. అక్కడ ఏర్పాటు వేరే రకం: తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే, నెట్ ఉండగానే, పని ఇంకొకరి చేతిలో పెట్టడం. ఏ క్లయింట్ ఏ దశలో ఉన్నారు, ఏ గడువు ఏ తారీఖు, ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది, సగంలో ఉన్న ఫైలు ఎక్కడుంది, ఇంత మాత్రమే ఉన్న ఒక పేజీ. అది రాయడానికి గంట పడుతుంది. ఓటీపీ క్లయింట్ ఫోనుకే వస్తుంది కాబట్టి ఆ క్లయింట్ కూడా అదే తుఫానులో ఉంటే హైదరాబాద్‌లో ఎవరి దగ్గర ఎంత నెట్ ఉన్నా దాఖలు కాదు. అందుకని తీర ప్రాంతపు క్లయింట్ల రిటర్నులు అక్టోబర్, నవంబర్ నెలల్లో ఎనిమిదో తారీఖుకే వేసేయడం ఆఫీసు పద్ధతిగా పెట్టుకోవాలి. దానికి క్లయింట్లు ఐదో తారీఖుకే బిల్లులు పంపాలి. అది కరెంటు తెప్పించడం కంటే కష్టమైన పని, ఫోన్లు మొదలుపెట్టాల్సింది ఒకటో తారీఖునే.